భవనం పక్కన తవ్వకం: ప్రాపింగ్‌కు డిజైన్ స్టేట్‌మెంట్ ఎలా రాయాలి

[తెరపై: తవ్వకం అడ్డుకోత బొమ్మ]

ఈ వీడియోలో ఒకే కేసు తీసుకుని చివరిదాకా వెళ్దాం. 4 మీటర్ల లోతు, 8 మీటర్ల వెడల్పు ఉన్న బేస్‌మెంట్ తవ్వకం. ఒక పక్కన రెండంతస్తుల ఇటుక గోడల ఇల్లు, జనం అందులో ఉంటున్నారు. దాని గోడ కింద 0.6 మీటర్ల వెడల్పు పునాది ఉంది, అడుగు నేలమట్టానికి 1 మీటరు కింద. పునాది అంచు మన షీట్ పైల్ గోడకు 1.2 మీటర్ల దూరంలోనే ఉంది. నేల మధ్యస్థంగా గట్టిబడ్డ ఇసుక, నీళ్లు తవ్వకం అడుగుకు బాగా కిందే ఉన్నాయి. అవతలి పక్క ఖాళీ స్థలం, అటూ షీట్ పైల్ గోడే. ఈ రెండు గోడల మధ్య, నేలమట్టానికి 1 మీటరు కింద, ప్రతి 3 మీటర్లకు ఒక స్టీలు ప్రాప్ పెడతాం.

టెంపరరీ వర్క్స్ డిజైన్ స్టేట్‌మెంట్ అంటే లెక్కల కట్ట కాదు. డిజైనర్ ఏం అనుకుని లెక్క వేశాడో, సైటులో ఏ వరుసలో పని జరిగితేనే ఆ లెక్క నిలబడుతుందో చెప్పే కాగితం. తవ్వేవాడికి అర్థం కాకపోతే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మొదటి పేరాలో పక్క భవనం గురించి రాయండి. పునాది ఎంత లోతుందో పాత డ్రాయింగు చూసి రాయకండి. చేత్తో ఒక చిన్న ట్రయల్ పిట్ తవ్వించి, అడుగు కనిపించాక కొలిచి రాయండి. ఆ గుంటను 1 మీటరు వెడల్పుకు మించనివ్వకండి, పునాది కిందికి తొలచనివ్వకండి, చూసిన రోజే పూడ్చేయించండి. గోడ మందం, అంతస్తులు, పైకప్పు ఏ గోడ మీద కూర్చుంది అన్నవి లెక్కేస్తే, మన కేసులో పునాది మీద మీటరుకు 90 కిలోన్యూటన్ల బరువు తేలింది అనుకుందాం.

ఇప్పుడు ఒక పెద్ద పొరపాటు. చాలా స్టేట్‌మెంట్లలో "సర్‌చార్జ్ 10 కిలోపాస్కల్స్" అని ఒక లైను ఉంటుంది. అది యంత్రాలకూ, సామాన్ల కుప్పలకూ పెట్టే అంకె. ఇంటికి చాలదు. ముందు కాగితం మీద ఒక గీత గీయండి. పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల వాలులో తవ్వకం వైపు కిందికి దిగితే, అది మన గోడను నేలమట్టానికి 2.2 మీటర్ల కింద తాకుతుంది. తవ్వేది 4 మీటర్లు. అంటే ఇల్లు మన గోడను నెట్టి తీరుతుంది. ఎంత నెడుతుందో చూడటానికి, కదలని గోడ మీద గీత బరువుకు వాడే ఈ సూత్రం సరిపోతుంది.

[తెరపై]

```
P = 0.64 × Q / (m² + 1)     (m > 0.4)
Q = 90 kN/m
m = 1.5 / 3.0 = 0.5
P = 0.64 × 90 / 1.25 = 46 kN/m
```

1.5 మీటర్లు అంటే గోడ నుంచి పునాది మధ్యగీతకు దూరం. 3.0 మీటర్లు పునాది అడుగు నుంచి తవ్వకం అడుగుకు ఉన్న ఎత్తు. మీటరుకు 46 కిలోన్యూటన్లు వచ్చాయి. అదే 10 కిలోపాస్కల్స్ సర్‌చార్జ్ వేసుకుని ఉంటే, నేల పక్కకు నెట్టే గుణకం 0.4 తో, 4 మీటర్ల లోతుకు 16 మాత్రమే వచ్చేది. దాదాపు మూడో వంతు.

ఆ 0.4 ఎక్కడిది? ఈ ఇసుకకు ఘర్షణ కోణం 32 డిగ్రీలు. గోడ ఎంతైనా కదలొచ్చు అనుకుంటే యాక్టివ్ గుణకం 0.31. అసలు కదలకూడదు అంటే 0.47. పక్కన ఇల్లుంది కాబట్టి కదలిక తక్కువగా ఉంచాలి, అందుకని ఆ రెంటి మధ్య 0.4 తీసుకున్నాం. స్టేట్‌మెంట్‌లో 0.4 అనే అంకె ఒక్కటీ ఉంటే చాలదు, ఎందుకు అన్న ఈ వాక్యం కూడా ఉండాలి. లేకపోతే ఖర్చు తగ్గించమని అడిగినప్పుడు ఎవరో దాన్ని 0.31 చేసేస్తారు.

మట్టి నుంచి మీటరుకు 61 కిలోన్యూటన్లు, ఇంటి నుంచి 46. గోడ అడుగున ఆనుకునే చోటు తవ్వకానికి 0.8 మీటర్ల కింద ఉందనుకుని మొమెంట్లు తీస్తే, ప్రాప్ వరుస మీద మీటరుకు సుమారు 64 కిలోన్యూటన్లు పడతాయి. 3 మీటర్లకొక ప్రాప్ కాబట్టి ఒక్కోదానికి 192. ఇది చేతిలెక్క. దశలవారీ సాఫ్ట్‌వేర్ విశ్లేషణ ఇచ్చిన జవాబును దీనితో పోల్చి చూసుకోవాలి. రెండింటికీ పొంతన లేకపోతే ముందు ఇన్‌పుట్ వెతకండి.

ఎండను మర్చిపోకండి. 219 మిల్లీమీటర్ల వ్యాసం, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు గొట్టం, బిగించినప్పటికంటే 25 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. రెండు చివరలా అసలు కదలనివ్వకపోతే అందులో 334 కిలోన్యూటన్లు పుడతాయి. నిజానికి గోడలు కాస్త వెనక్కి జరుగుతాయి. అందుకని 40 శాతమే నిలుస్తుందనుకున్నా 134. మట్టి, ఇల్లు ఇచ్చిన 192 కి ఇది కలిపితే 326. ఎంత శాతం అనుకున్నారో స్టేట్‌మెంట్‌లో రాయాలి, ఎందుకంటే గోడ గట్టిదైతే ఆ శాతం పెరుగుతుంది.

355 గ్రేడు స్టీలులో, 8 మీటర్ల పొడవుకు, ఈ గొట్టం బక్లింగ్ బలం సుమారు 780 కిలోన్యూటన్లు. లోడ్ ఫ్యాక్టర్ 1.35 వేసినా 440 కే వస్తాం. గొట్టం బాగానే ఉంది. ప్రాపింగ్ దెబ్బతినే చోటు గొట్టం నడుమ కంటే చివర్లు. గోడ వెంబడి పెట్టి ప్రాప్‌లను ఆనించే అడ్డ దూలం వేలర్. దాని వెబ్‌లో స్టిఫెనర్ లేక అది నలుగుతుంది. లేదా గొట్టం మధ్యగీత వేలర్ మధ్యలో పడక పక్కకు వంగుతుంది. అందుకే స్టేట్‌మెంట్‌తో పాటు వెళ్లే డ్రాయింగులో ప్రాప్ చివర వివరం పెద్ద స్కేలులో ఉండాలి, స్టిఫెనర్ మందం, వెల్డు సైజు, ఎంత అటూ ఇటూ పడినా ఫరవాలేదో దాని మీదే రాయాలి.

కదలిక విషయానికి వద్దాం. ఇంటికి పగుళ్లు వస్తాయా రావా అన్నది ఇక్కడ తేలుతుంది. 192 కిలోన్యూటన్ల కింద ఈ ప్రాప్ నలిగేది 1.4 మిల్లీమీటర్లే. కానీ వేలర్‌కూ షీట్ పైల్‌కూ మధ్య 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలేస్తే, ఆ ఖాళీ పూడేదాకా ప్రాప్ పనిలోకి రాదు. ఇల్లు మాత్రం అంతమేరా జరుగుతుంది. గొట్టం సైజు పెంచితే ఇది తగ్గదు. షీట్ పైల్ ఒక వరుసలో సరిగ్గా దిగదు కాబట్టి ఖాళీలు ఎక్కడో ఒకచోట తప్పకుండా వస్తాయి. వాటిని స్టీలు ప్యాకింగుతోనో గ్రౌటుతోనో నింపాలి. చెక్క ముక్కలు దోపితే లోడు పడగానే నలుగుతాయి.

ఆ మీద హైడ్రాలిక్ జాక్‌తో ఒక్కో ప్రాప్‌లో 100 కిలోన్యూటన్లు ముందే ఎక్కించి షిమ్స్‌తో లాక్ చేస్తాం. అనుకున్న లోడులో ఇది సుమారు సగం. పూర్తిగా ఎందుకు ఎక్కించకూడదు? అవతలి గోడ వైపు ఇల్లు లేదు. అక్కడ మట్టి, మామూలు సర్‌చార్జ్ కలిపి ప్రాప్ వరుస మీద మీటరుకు 46 దగ్గరే పడుతుంది. ఇవతల 64. ఆ తేడా అవతలి గోడను దాని వెనక మట్టిలోకి తోస్తుంది, మొత్తం పెట్టె ఇంటికి దూరంగా కొద్దిగా జరుగుతుంది. మరీ ఎక్కువ ఎక్కిస్తే ఈ జరుగుడు ముందే మొదలవుతుంది, ఇవతల పునాది పక్కన మట్టీ కదులుతుంది. ఈ కారణంగానే విశ్లేషణ రెండు గోడలకూ కలిపి చేయాలి. ఇంటి వైపు గోడ ఒక్కదాన్నే మోడల్ చేసి ప్రాప్ అవతలి చివర కదలని బండ అనుకుంటే, అసలు కదలికలో చాలా భాగం దాచేసినట్టే. జాక్ వదిలాక లోడు కొంత జారిపోతుంది. ఎంత మిగిలిందో చదివి రాసుకోవాలి.

ఇక పని వరుస. షీట్ పైల్‌ను వైబ్రేటర్‌తో దించితే ఇసుక కుదించుకుపోయి పునాది దిగిపోతుంది, కాబట్టి నొక్కే యంత్రంతోనే దించాలి. తర్వాత 1.5 మీటర్ల దాకా తవ్వడం, వేలర్, ప్రాప్, ప్రీలోడ్. అప్పుడే 4 మీటర్లకు. అడుగు చేరిన రోజే బ్లైండింగ్ కాంక్రీటు పోసేయాలి.

ఆ 1.5 మీటర్ల దగ్గర కాస్త ఆగుదాం. ప్రాప్ పెట్టకముందు గోడ ఒంటరిగా నిలబడే దశ ఇది. బకెట్ అందుతోంది కదా అని ఎవరో 2.5 దాకా తవ్వితే, గోడ పైభాగం వంపు పది రెట్ల దాకా పెరగొచ్చు. తర్వాత పెట్టిన ప్రాప్ ఆ వంపును వెనక్కి తేలేదు, ఉన్న చోట ఆపుతుంది అంతే. కాబట్టి దీన్ని హోల్డ్ పాయింటుగా పెట్టండి: లోతు కొలిచి, టెంపరరీ వర్క్స్ కోఆర్డినేటర్ సంతకం చేసేదాకా యంత్రం ఆగాలి. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5975 డిజైన్ చెకింగ్‌ను 0 నుంచి 3 వరకు కేటగిరీలుగా పెడుతుంది. 3 లో చెక్ చేసేది వేరే సంస్థ. ఇలాంటి కేసుకు ఏ కేటగిరీయో డిజైన్ మొదలెట్టకముందే తేల్చుకుని రాయండి.

ఇంటి గోడ మీద సర్వే పాయింట్లు తవ్వకానికి కనీసం రెండు వారాల ముందే పెట్టాలి. ఎండకూ చలికీ ఇల్లే కొంత కదులుతుంది. ఆ కదలిక ముందే తెలియకపోతే తర్వాత ప్రతి మిల్లీమీటరూ మీ తవ్వకం ఖాతాలోనే పడుతుంది. రోజూ ఒకే సమయంలో, పొద్దున్నే చదవండి. విశ్లేషణ 6 మిల్లీమీటర్లు దిగుతుందని చెప్తే, 4 దగ్గర హెచ్చరిక గీత, 6 దగ్గర ఆపే గీత పెట్టొచ్చు. హెచ్చరిక దాటితే రోజుకు రెండుసార్లు చదివి డిజైనర్‌కు పంపాలి. ఆపే గీత దాటితే తవ్వకం ఆగాలి, మట్టిని తిరిగి గోడకు ఆనించి పోయాలి. ఆ మట్టి సైటులో ఎక్కడ ఉంచుతారో కూడా రాయండి. లారీల్లో వెళ్లిపోయాక కావాలంటే రాదు.

చివరగా ప్రాప్ తీసే దశ. బేస్ స్లాబ్ పోశాక ప్రాప్ తీసేయొచ్చు అనిపిస్తుంది. కానీ స్లాబ్ పైన గోడ 3.6 మీటర్లు ఒంటరిగా నిలబడాలి, ఇంటి బరువుతో సహా. ఈ షీట్ పైల్‌కు అది అసాధ్యం. కాబట్టి బేస్‌మెంట్ గోడ, దాని మీద గ్రౌండ్ స్లాబ్ రెండూ పోసి, క్యూబ్ టెస్టులో డిజైనర్ అడిగిన బలం వచ్చేదాకా ప్రాప్ అలాగే ఉండాలి. అంటే ప్రాప్ బేస్‌మెంట్ గోడలోంచి వెళ్తుంది, అక్కడ 400 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలు వదలాలి. వాటి చుట్టూ స్టీలు, తర్వాత పూడ్చే విధానం, నీళ్లు రాకుండా ఏం చేయాలి అన్నవి శాశ్వత నిర్మాణం డిజైనర్‌తో ఈ దశలోనే తేల్చుకోండి. గోడ షట్టరింగ్ కట్టాక తెలిస్తే సైటులో కట్టర్ తీస్తారు.

తీసేటప్పుడు జాక్ మళ్లీ పెట్టి, లోడు తీసుకుని, షిమ్స్ లాగి, మూడు విడతలుగా వదలండి. ఒక్కో విడతకు ఆగి ఇంటి పాయింట్లు చదవండి. రీడింగు హెచ్చరిక గీత దాటితే అదే జాక్‌తో లోడు తిరిగి ఎక్కించాలి. కాబట్టి చివరి ప్రాప్ దిగి, మర్నాటి రీడింగు కూడా వచ్చేదాకా జాక్‌ను అద్దెకిచ్చినవాళ్లకు పంపకండి.