తలంబ్రాలు ఎక్కడికి పోయాయి? ఎరేజర్, లేయర్ మాస్క్

(ఆల్బమ్ డిజైనర్ల కోసం జరిగిన ఒకరోజు శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫొటోషాప్‌లో లేయర్ మాస్క్ అంటే ఏమిటో మీలో సగం మందికి తెలుసు. తెలిసీ ఎరేజర్ పట్టుకునేవాళ్లే ఎక్కువ. నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికి ఒక్క షీటు గురించి మాట్లాడతాను.

పెళ్లి ఆల్బమ్, 12 బై 36 షీటు. తలంబ్రాల ఫొటో. పెళ్లికొడుకు దోసిలి ఎత్తాడు, బియ్యం ఇంకా గాల్లోనే ఉంది, పెళ్లికూతురు కళ్లు మూసుకుని నవ్వుతోంది. వెనకాల మాత్రం ట్యూబ్‌లైటు, వీడియో ఆయన స్టాండు, కుర్చీ మీద ఎవరిదో సంచి. నేను ఆ ఫొటోను మెరూన్ బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి, ఎరేజర్ తీసుకుని, మెత్తటి అంచున్న పెద్ద బ్రష్‌తో జంట చుట్టూ తుడిచేశాను. పది నిమిషాల్లో అయిపోయింది. షీటు జేపెగ్ చేసి వాట్సాప్‌లో పంపాను. మూడు వారాలకు పెళ్లికూతురి అన్నయ్య ఫోన్ చేశాడు. "అన్నా, అంతా బాగుంది గానీ తలంబ్రాలేవి? చేతులు ఊరికే పైకెత్తి ఉన్నాయి."

పీఎస్‌డీ తెరిచాను. లేయర్లన్నీ ఉన్నాయి, గింజలు లేవు. అన్‌డూ చేద్దామంటే, హిస్టరీ మనం మార్చకపోతే 50 అడుగులే గుర్తుపెట్టుకుంటుంది. బ్రష్ ఒకసారి గీస్తే ఒక అడుగు. తుడిచే పనిలో 50 గీతలు రెండు నిమిషాలకే అయిపోతాయి. ఆ 50 కూడా ఫైల్ మూయగానే పోతాయి. Alt నొక్కి ఎరేజర్‌తో రుద్దితే తుడిచింది తిరిగొస్తుంది కదా అని ఎవరో అనబోతున్నారు. వస్తుంది, కానీ అదీ హిస్టరీ లోంచే తెస్తుంది. తప్పు పట్టే మనిషి ఫోన్ చేసేది మనం ఫైల్ మూసిన తర్వాతే.

అసలు ఫొటో హార్డ్‌డిస్క్‌లో దొరికింది. దొరికినా పని తీరలేదు. షీటులో ఉన్న లేయర్‌ను నేను చిన్నది చేశాను, కాస్త తిప్పాను, రంగులు సరిచేశాను. ఎంత తిప్పానో ఎక్కడా రాసుకోలేదు. కొత్త ఫొటోను పాతదాని మీద పెట్టి, పారదర్శకంగా చేసి, కంటి మీద కన్ను, బొట్టు మీద బొట్టు కూర్చోబెట్టడానికే గంట పట్టింది. రంగు సరిపోలడానికి ఇంకో గంట.

ఇందులో తప్పు నా చేతిది కాదు, నేను ఎంచుకున్న పనిముట్టుది. ఎరేజర్ రెండు పనులను కలిపేస్తుంది. ఏది కనిపించకూడదో నిర్ణయిస్తుంది, అదే దెబ్బతో దాన్ని నాశనం చేస్తుంది. మాస్క్ మొదటి పని మాత్రమే చేస్తుంది.

డార్క్‌రూమ్‌లో పనిచేసిన పెద్దవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లకిది కొత్త కాదు. నెగెటివ్‌ను బ్లేడుతో గీకి సరిచేసేవాళ్లు, గుర్తుందా? చెయ్యి జారిందా, ఆ నెగెటివ్ అంతే. అదే ఎన్‌లార్జర్ కింద అట్టముక్క అడ్డంపెట్టి వెలుగు ఆపితే నెగెటివ్‌కు ఏమీ కాదు. ప్రింట్ నచ్చకపోతే అట్టముక్కను కొంచెం జరిపి ఇంకోటి తీసేవాళ్లు. ఎరేజర్ ఆ బ్లేడు, మాస్క్ ఈ అట్టముక్క.

మాస్క్ అంటే లేయర్‌కు తగిలించిన ఒక నలుపు తెలుపు బొమ్మ, అంతే. తెల్లగా ఉన్నచోట ఫొటో కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది, బూడిదరంగు ఉన్నచోట సగం సగం. నలుపు 0, తెలుపు 255, మధ్యలో ఉన్నవన్నీ అంచులను మెత్తగా చేసేవి. ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా మారదు.

అదే షీటును ఇప్పుడు చేస్తే ఇలా చేస్తాను. లేయర్‌ను ఎంచుకుని, ప్యానెల్ అడుగున చతురస్రంలో గుండ్రం ఉన్న గుర్తు నొక్కుతాను. తెల్ల మాస్క్ వస్తుంది. B నొక్కితే బ్రష్. D నొక్కితే రంగులు నలుపు, తెలుపు అవుతాయి. X నొక్కితే రెండూ తారుమారు. నలుపుతో ట్యూబ్‌లైటు, స్టాండు, సంచి మూసేస్తాను. తలంబ్రాలు కూడా మూసుకుపోయాయనుకోండి. మూడు వారాలకు ఫోన్ వస్తే X నొక్కి, తెలుపుతో, గింజకన్నా కొంచెం పెద్ద బ్రష్‌తో ఒక్కొక్క గింజ మీద అద్దుతాను.

దాగిన గింజ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? మాస్క్‌ను ఎంచుకుని ప్రాపర్టీస్‌లో Density ని 100 నుంచి 70కి దించండి. దాగినదంతా మసకగా, దెయ్యంలా కనిపిస్తుంది. గింజలు చూసుకుంటూ అద్దండి, అయ్యాక మళ్లీ 100 చేయండి. ఇది కూడా దేన్నీ పాడుచేయదు.

ఇక్కడ ఒక పరిమితి ఉంది, దాచను. మాస్క్ దాచగలదు గానీ రంగు మార్చలేదు. గాల్లో కదిలిన గింజ అంచుల్లో వెనకాలి ట్యూబ్‌లైటు తెలుపు కలిసిపోయి ఉంటుంది. మెరూన్ మీద పెడితే ఆ అంచు వెలసిపోయినట్టు తేలుతుంది. అలాంటి గింజలను వదిలేసి, స్పష్టంగా ఉన్నవాటినే తెచ్చుకోవడం మేలు. ఇరవై గింజలు తేటగా ఉంటే చాలు, అన్నయ్యగారు లెక్కపెట్టరు.

మాస్క్ బొమ్మే కాబట్టి బొమ్మకు చేసేవన్నీ దానికీ చేయొచ్చు. వాటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చిన పని ఒకటుంది. Alt నొక్కి మాస్క్ థంబ్‌నెయిల్ మీద క్లిక్ చేయండి. మాస్క్ ఒక్కటే నలుపు తెలుపుల్లో తెర నిండా కనిపిస్తుంది. పూర్తి నలుపు అనుకున్నచోట బూడిద మరకలు బయటపడతాయి. మెత్తటి బ్రష్ వదిలేసిన మరకలవి. మానిటర్‌లో ముదురు మెరూన్ మీద అవి కనిపించవు. ప్రింట్ వచ్చాక కుర్చీ కాలు నీడలా తేలుతుంది, అప్పుడు ల్యాబ్‌ను తిడతాం. Ctrl+L నొక్కి లెవెల్స్‌లో నల్ల గుర్తును కొంచెం లోపలికి జరిపితే ఆ మరకలన్నీ ఒకేసారి నల్లబడతాయి. చీర అంచు, జడ అంచు కూడా కొంచెం బిగుస్తాయి, కాబట్టి జుట్టు దగ్గర చూసుకుంటూ జరపండి. ఎరేజర్‌తో వదిలేసిన మరకలను ఇంత తేలిగ్గా చూసి సరిచేయలేం.

మాస్క్‌తో అందరూ చేసే తప్పు ఒకటే: మాస్క్ మీద గీస్తున్నామనుకుని ఫొటో మీద గీయడం. పెళ్లికూతురి బుగ్గ మీద నల్లటి పట్టీ పడుతుంది. రెండు థంబ్‌నెయిళ్లలో దేని చుట్టూ గీత ఉందో చూడండి. పైన ఫైల్ పేరు పక్కన Layer Mask/8 అని ఉంటే మాస్క్ మీదే ఉన్నారు.

ఎరేజర్ అసలు వద్దా అంటే, నేను చేత్తో గీసుకున్న ముగ్గు గీతను తుడవడానికి ఇప్పటికీ అదే వాడతాను. మళ్లీ గీసుకోగలిగింది తుడిస్తే నష్టం లేదు.

ఫైల్ బరువెక్కుతోందని మాస్క్‌ను చెత్తబుట్టలోకి లాగేవాళ్లకు ఒక్క మాట. Apply, Cancel, Delete అని మూడు మాటలు అడుగుతుంది. Delete అంటే మాస్క్ పోయి ట్యూబ్‌లైటు, సంచి తిరిగొస్తాయి. Apply అంటే దాగిందంతా నిజంగానే తుడిచిపెట్టుకుపోతుంది, ఎరేజర్‌తో చేసినట్టే. Cancel నొక్కి బయటికి రండి.

మీ ముందున్న సిస్టమ్‌లలో తలంబ్రాల ఫైల్ పెట్టాం. అందులో ఎడమ పక్క అక్షింతలు వేస్తున్న ఒక పెద్దావిడ చెయ్యి మాస్క్‌లో మూసేసి ఉంది. టీ వచ్చేలోపు ఆ చెయ్యిని బయటికి తెండి.