మెంతుల నీళ్లా, మెంతి పొడా? గ్లాసులో పెట్టి చూద్దాం

నమస్కారం అండీ. తిన్నాక షుగర్ ఒక్కసారిగా పెరగకుండా మెంతుల్ని నానబెట్టి నీళ్లు తాగాలా, పొడి కొట్టి తినాలా అన్నది ఈ రోజు చూద్దాం. ముందు ఈ రెండు గ్లాసులు చూడండి. ఎడమ గ్లాసులో రాత్రి నానబెట్టిన ఒక టీస్పూను మెంతులు. త్రాసు మీద పెడితే నాలుగు గ్రాములు వచ్చాయి. కుడి గ్లాసులో అంతే మెంతుల్ని మిక్సీలో పొడి కొట్టి, పది నిమిషాల కిందట నీళ్లలో కలిపాను. ఇప్పుడు రెండూ టీ వడపోసే జాలిలో పోస్తున్నా. నానబెట్టిన నీళ్లు సులువుగానే దిగిపోయాయి. పొడి కలిపినవి మాత్రం జాలికి అంటుకుని, స్పూనుతో నొక్కితే తప్ప దిగట్లేదు. ఈ రోజు రివ్యూ చేసేది ఆ జిగురునే.

నానిన గింజని గోటితో చీల్చండి. పొట్టుకీ లోపలి పసుపు బద్దలకీ మధ్య అద్దంలాంటి పొర ఒకటి కనిపిస్తుంది. అందులో ఉన్నది గెలాక్టోమానన్ అనే పీచు, ఇందాకటి జిగురు దీనిదే. మనం ఇడ్లీ తింటే అందులోని పిండి చిన్నపేగులో గ్లూకోజుగా విడిపోయి, పేగు గోడని చేరాకే రక్తంలోకి వెళ్తుంది. చారులో వేసిన ఉప్పు క్షణంలో గిన్నె అంతా కలిసిపోతుంది. చిక్కగా గడ్డకట్టిన గంజి మీద చల్లితే అక్కడే కూర్చుంటుంది. ఈ జిగురు కూడా పేగులో ఆ గంజిలాగే గ్లూకోజుని గోడ దాకా త్వరగా చేరనివ్వదు. పైగా కడుపు కూడా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. తిన్న గ్లూకోజు మాయమైపోదు, ఒక్కసారిగా కాకుండా నిదానంగా వస్తుంది, అంతే.

అందుకే నీళ్లు తాగి గింజలు పారేసేవాళ్లకి నేను ఇచ్చేది ఒక్క స్టారే. పీచులో ఎక్కువ భాగం చెత్తబుట్టలో పడుతోంది. పొద్దున్నే ఆరింటికి తాగి తొమ్మిదింటికి టిఫిన్ తినేవాళ్లదీ ఇదే తప్పు. జిగురు అన్నంతోపాటు కడుపులో ఉండాలి. మొలకెత్తిన మెంతుల్లోనూ ఈ పీచు తగ్గుతుంది, మొలక దాన్నే తిని పెరుగుతుంది కాబట్టి.

ఇక షుగర్ మీద పనిచేస్తుందని చెప్పే రెండో పదార్థం, మెంతి క్యాప్సూల్ డబ్బాల మీద కనిపించే పేరు: 4-హైడ్రాక్సీఐసోల్యూసిన్. ఇదొక అమైనో ఆమ్లం, మన శరీరంలో తయారు కాదు. 1998లో ఫ్రాన్స్‌లోని మాంపెల్లియే శాస్త్రవేత్తలు ఎలుకల, మనుషుల పాంక్రియాస్ నుంచి తీసిన ఇన్సులిన్ కణాల మీద దీన్ని పరీక్షించారు. గ్లూకోజు 90 దగ్గర ఉన్నప్పుడు ఇది ఏమీ చేయలేదు. సుమారు 120 దాటాక మాత్రం ఇన్సులిన్ విడుదలని పెంచింది. అంటే భోజనం తర్వాత, అవసరమైనప్పుడే పనిచేసే గుణం. వినడానికి చాలా బాగుంది. కానీ అది గాజు పాత్రలో కణాలకి నేరుగా ఇచ్చినప్పటి మాట. గింజ బరువులో ఇది సుమారు అర శాతమే. మన నాలుగు గ్రాముల్లో ఇరవై మిల్లీగ్రాములన్నమాట.

నన్ను పీచు వైపు మొగ్గేలా చేసింది మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనం. అందులో ఉన్నవాళ్లు టైప్ 1 డయాబెటిస్ రోగులు. కొవ్వు తీసిన మెంతి పొడి రోజుకి 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం, పది రోజులు భోజనంలో కలిపి పెట్టారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. టైప్ 1లో సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు కదా! ఇన్సులిన్‌ని పెంచే అమైనో ఆమ్లానికి అక్కడ పని తక్కువ. ఫలితంలో పెద్ద వాటా జిగురుదే అని నాకనిపిస్తుంది.

అయితే 100 గ్రాములంటే ఇరవై అయిదు టీస్పూన్లు. అంత చేదు ఇంట్లో ఎవరు తింటారండీ? ఆ 54 శాతం చూపించి ఒక్క స్పూను అమ్మేవాళ్లని నమ్మొద్దు.

మీకు పనిచేస్తోందో లేదో చూసుకోవాలా? ఒకరోజు మూడు ఇడ్లీలు ఉత్తగా, ఇంకోరోజు అవే ఇడ్లీలు, అదే చట్నీ, మెంతి పొడితో. తిన్న గంటకి, రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూడండి. ఒక్కసారి చాలదు, మూడు నాలుగు సార్లు. ఎందుకంటే మీటర్ కొలతలో 15 శాతం వరకు తేడాని ప్రమాణాలే అనుమతిస్తాయి. అసలు 180 ఉంటే 160 చూపించొచ్చు. అది మెంతుల గొప్ప కాదు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు, లో-షుగర్ రావొచ్చు. వార్ఫరిన్ వాడేవాళ్లు, గర్భిణులు, వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లు కూడా ముందు అడగండి. కొత్తలో గ్యాస్, విరేచనాలు మామూలే, అర స్పూనుతో మొదలుపెట్టండి.

అన్నట్టు, నాలుగు రోజులు తిన్నాక చెమటకి పాకంలాంటి తీపి వాసన వస్తే కంగారు పడకండి. దానికి కారణం సోటోలోన్. మెంతుల్లో అది పుట్టేది ఇందాక చెప్పిన ఆ అమైనో ఆమ్లం నుంచే.