బుడ్డల మూటకు కుట్టిన చీటీ

(కళ్యాణదుర్గంలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎండనబడి వచ్చిన రైతులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు ఇంట్లో ఎట్లా పెట్టుకోవాలి, లెక్క ఎట్లా రాసుకోవాలి అన్నది ఈ రోజు విషయం. మూడూ చెప్పాలనే వచ్చినా. కానీ ముందు ఒక చీటీ సంగతి చెప్పాలి.

వేరుశనగ బుడ్డల మూట మూతి దగ్గర చీటీ కలిపి కుట్టి ఉంటుంది. ధ్రువీకరించిన విత్తనానికైతే నీలిరంగు చీటీ. పంట పేరు, రకం, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, ఎన్నాళ్లు పనికొస్తుందన్నది అన్నీ దాని మీదే ఉంటాయి. ముంగారు వాన పడిందంటే మనకు తొందర. కొడవలితో మూతి కోసేస్తాం, చీటీ గాలికి పోతుంది, రెండు మూటలూ ఒకే రాశిలో పోసేస్తాం. ఆ క్షణంతో ఆ విత్తనం ఎవరిదో చెప్పే సాక్ష్యం పోయినట్టే.

ఒక లెక్క చూడండి. రెండెకరాల రైతు ముప్పై కిలోల మూటలు ఆరు తెచ్చుకున్నాడనుకోండి. మూడింటి లాట్ నంబరు 118తో ముగుస్తుంది, మూడింటిది 121తో. బిల్లు మీద మాత్రం 118 ఒక్కటే రాసుంది. ఇది అంగట్లోనే చూడాలి! మూట మీది నంబరు, బిల్లు మీది నంబరు ఒకటి కాకపోతే అక్కడే సరిచేయించి రాయించుకోవాలి. తర్వాత పోతే ఎవరూ ఒప్పుకోరు.

ఇంటికొచ్చినాక మూతి కోయొద్దు. చీటీ లేని అడుగు వైపు మూలలో చిన్న రంధ్రం చేసి, ఒక్కో మూట నుంచి గుప్పెడు కాయలు తీసి, మళ్లీ కుట్టేయండి. లాట్‌కు వంద గింజలు చేత్తో వలవండి. మిషన్లో వలిస్తే గింజ దెబ్బ తింటుంది. తడిపిన గోనె గుడ్డలో ఇరవై ఐదేసి గింజలు పరిచి, చుట్టి, నీడలో పెట్టి తడి ఆరకుండా చూడండి. అయిదో రోజు ఒకసారి, పదో రోజు చివరిసారి లెక్కపెట్టండి. వేరూ మొలకా బాగా వచ్చిన గింజనే లెక్కలోకి తీసుకోండి. బూజు పట్టింది, కుళ్లింది వద్దు.

118లో 82 మొలిచినాయి, 121లో 54. వేరుశనగకు కనీసం 70 ఉండాలి. రెండూ కలిపి పోసుంటే సగటు 68. చేనంతా అక్కడక్కడా ఖాళీలు. తప్పు గొర్రుదా, వానదా, విత్తనందా అని ఊరంతా వాదించుకోవాల్సిందే. వేరుగా పెట్టినందువల్ల 121 మూటలు మూడూ వెనక్కి తీసుకుపోయి చూపించొచ్చు. మండల వ్యవసాయ అధికారి నమూనా తీయాలన్నా అదే లాట్ మూట ఉండాల. అందుకే చెబుతున్నా, విత్తినా సరే, చీటీ, బిల్లు, అరకిలో కాయలు పంట చేతికొచ్చేదాకా దాచండి. అయ్యా, వెనక వరుసలో ఉన్నవాళ్లూ వినండి, చీటీ చించొద్దు!

పరీక్ష చేసిన తేదీ నుంచి తొమ్మిది నెలలు విత్తనానికి గడువు. ఆ గడువు లోపలే అయినా బుడ్డలు తేమ తగిలితే చెడిపోతాయి. కాయలుగానే ఉంచండి, విత్తే ముందు వలవండి. కాయ ఊపితే గలగలమనాలి. నేలమీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి.

ఎరువుల గురించి రెండు మాటలే. వాటినీ చెక్కల మీదే పెట్టండి. యూరియా మూట విప్పితే మూతి గట్టిగా కట్టాల, లేకుంటే గాలిలో తేమ పీల్చి గడ్డ కడుతుంది. విత్తనం పక్కన మాత్రం వద్దు.

పురుగుమందుల దగ్గర ఇంకాస్త ఆగుదాం. తాళం వేసిన పెట్టె కావాల, పడుకునే గదిలో కాదు. నీళ్ల మందులు కింది అరలో, పొడులు పై అరలో పెట్టండి. నీళ్ల మందు కారినా పొడి తడవదు. కలుపు మందు వేరే పెట్టెలో ఉండాల. దాని ఆవిరి విత్తనానికి తగిలితే మొలక దెబ్బతినొచ్చు. స్ప్రేయర్లో రెండు మందులు తారుమారైతే చేనే పోతుంది.

ఇక నోటుబుక్కు. తెచ్చిన తేదీ, పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎంత వాడినాం, ఏ చేనులో, మిగిలిందెంత. ఇంతే. గడువు ముందుగా ముగిసేది ముందు వాడాలి.

అమ్మా, ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నా. మందును ఇంకో సీసాలోకి వంపొద్దు. ఎవరికైనా కడుపులోకి పోయినా, ఒంటి మీద పడి కళ్లు తిరిగినా, ఆస్పత్రికి పోయేటప్పుడు ఆ డబ్బా లేబులు వెంట తీసుకుపోండి. వాంతి చేయించే ప్రయత్నం ఇంట్లో వద్దు. లేబులు మీద మందు అసలు రసాయనం పేరు, విరుగుడు రాసి ఉంటాయి. డాక్టరు మొదట అడిగేది అదే. మూలలో ముక్కోణం రంగు చూడండి: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే తాగే నీళ్లని కాదు, అదీ విషమే.

ఈ ఏడు చీటీలు దాచినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి. బిల్లుల మీది నంబర్లు వాటితో సరిపోతున్నాయో ఇక్కడే కలిపి చూద్దాం.