మెడూసా తల ఎవరి చేతిలో ఉంది?

నమస్కారం. ఈ వీడియోలో సమీక్షిస్తున్నది ఒక శిల్పాన్ని. అర్జెంటీనాకు చెందిన శిల్పి లుచానో గర్బాతి 2008లో రూపొందించిన మెడూసా అది. గ్రీకు పురాణాల్లో తనను చూసినవారిని రాయిగా మార్చే స్త్రీ మెడూసా; ఆమె తల నరికిన వీరుడు పర్సియస్. ఏడడుగుల కంచు రూపంలో 2020 అక్టోబరులో న్యూయార్క్‌లో క్రిమినల్ కోర్టు భవనానికి ఎదురుగా ఉన్న పార్కులో దానిని నిలబెట్టారు. పాముల జుట్టుతో ఉన్న ఆ స్త్రీ ఒక చేత కత్తి, మరో చేత పర్సియస్ తల పట్టుకుని నిలుచుంది. ఫ్లోరెన్స్ నగరంలో పదహారో శతాబ్దపు శిల్పి చెల్లీనీ చేసిన విగ్రహంలో పర్సియస్ ఆమె శవం మీద నిలబడి, తెగిన తలను పైకెత్తి చూపుతాడు. గర్బాతి ఆ దృశ్యాన్ని తలకిందులు చేశాడు.

చాలామంది దీనిని చూసి, గుడిలో దేవుడు చెరిస్తే తిరిగి తానే శాపానికి గురైన స్త్రీ మెడూసా అనీ, ఆమె అసలు కథ ఇన్నాళ్లకు బయటపడిందనీ అన్నారు. ఆ మాటతోనే నాకు పేచీ. మనకు దొరికే పాత కథల్లో మెడూసా శాపగ్రస్త కాదు. క్రీ.పూ. 700 ప్రాంతపు గ్రీకు కవి హెసియడ్ కావ్యంలో ఆమె పుట్టుకతోనే గోర్గాన్, అంటే భీకర రాక్షసి. ముగ్గురు అక్కచెల్లెళ్లలో చావు రాసిపెట్టి ఉన్నది ఆమె ఒక్కతికే. సముద్ర దేవుడు పొసైడాన్ ఆమెను కలిసింది గుడిలో కాదు, వసంతపు పూలు పూసిన పచ్చికలో. అక్కడ బలవంతం ప్రస్తావన లేదు, శిక్షా లేదు. క్రీ.పూ. 580 ప్రాంతంలో కోర్ఫూ ద్వీపపు గుడి ముఖభాగాన చెక్కిన గోర్గాన్ అయితే, పాములనే నడికట్టుగా ముడివేసుకుని, గుడ్లురుముతూ పరుగెత్తే భీకర రూపం. చూసినవాడు హడలిపోవాలి, అంతే.

ముందుగా మారింది ముఖం. క్రీ.పూ. అయిదో శతాబ్దం మధ్యలో ఏథెన్సులో తయారైన ఒక కుండ ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాని మీద మెడూసా కొండవాలున నిద్రపోతూ ఉంటుంది. రెక్కలు తప్ప ఆమెలో వికారమేదీ లేదు. కళ్లు మూసుకున్న మామూలు అమ్మాయి. పర్సియస్ ముఖం పక్కకు తిప్పుకుని ఆమె మెడకు కొడవలి ఆనిస్తున్నాడు. ఆ అమ్మాయిని చూసి భయపడడం కష్టం.

అన్యాయమనే మాట కథలోకి వచ్చింది రోమన్ కవి ఓవిడ్ చేతిలో, క్రీ.శ. 8 ప్రాంతంలో. పెళ్లి విందులో ఒక అతిథి, ఆ అక్కచెల్లెళ్లలో ఈమెకు మాత్రమే పాముల జుట్టు ఎందుకు వచ్చిందని పర్సియస్‌ను అడుగుతాడు. ఆమె ఒకప్పుడు గొప్ప అందగత్తె అనీ, ఆ జుట్టును కళ్లారా చూసినవాడొకడు తనకు చెప్పాడనీ, సముద్ర దేవుడు మినర్వా గుడిలో, అంటే గ్రీకుల ఎథీనా గుడిలో, ఆమెను చెరిచాడని అంటారనీ అతడు జవాబిస్తాడు. ఓవిడ్ వాడిన లాటిన్ క్రియ ‘విటియాస్సే’. పాడుచేశాడని, చెరిచాడని అర్థం. ఆ తరువాతి పాదంలో దేవత ముఖం తిప్పుకుని, కవచం అడ్డు పెట్టుకుని, ఇది శిక్ష లేకుండా పోకూడదని ఆమె జుట్టును పాములుగా మార్చేస్తుంది. నేరం ఒకరిది, శిక్ష మరొకరికి. అయితే గమనించండి, ఈ వృత్తాంతమంతా మనకు వినబడేది ఆమెను చంపినవాడి నోట, అదీ ‘అంటారు’ అనే ముక్తాయింపుతో. ఆ ఘట్టంలో మెడూసా ఒక్క మాట కూడా మాట్లాడదు. ఈనాటి నవలలూ శిల్పాలూ ఎక్కువగా ఈ ఆరేడు పాదాల మీదనే నిలబడి ఉన్నాయి. వాల్మీకి అహల్య రాయి కాదు, బూడిదలో అదృశ్యంగా పడి ఉన్న తపస్విని. అయినా రాయే అసలు కథగా మనలో స్థిరపడలేదా? ఇదీ అలాంటిదే.

ఇక శిల్పం సంగతి. గర్బాతి మెడూసా ముఖంలో విజయగర్వం లేదు; తల కాస్త వంచి, కత్తిని కిందికి దించి, అలసిపోయినట్టు నిలబడుతుంది. అది నాకు నచ్చింది. నచ్చనిది ఆమె చేతిలోని తల. చెరిచినవాడు సముద్ర దేవుడు, శపించినది దేవత. ఆ ఇద్దరూ ఈ విగ్రహంలో లేరు. పర్సియస్‌ది హత్య, కాదనను, కానీ కోర్టుకు ఎదురుగా నిలబెట్టినప్పుడు ముద్దాయి ఎవరో సరిగ్గా తేలాలి కదా. పైగా నున్నగా తీర్చిన నగ్న దేహం ఫ్యాషన్ పత్రిక బొమ్మను గుర్తుచేస్తుందన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది. నేనూ దానితో ఏకీభవిస్తాను.

మెడూసా మీద జాలి కావాలంటే ఓవిడ్ కన్నా అయిదు వందల ఏళ్ల ముందరి గ్రీకు కవి పిండార్ గీతం చూడండి. వేణువు వంటి ఆవులోస్ వాద్యంలో గెలిచిన ఒక కళాకారుడి కోసం క్రీ.పూ. 490లో రాసినది అది. అందులో మెడూసా ‘అందమైన చెక్కిళ్లది’. ఆమె తల తెగినప్పుడు అక్క యూర్యాలే పెట్టిన ఏడుపును ఎథీనా విని, దానిని అనుకరించడానికే ఆవులోస్ మీద ఒక బాణీ కట్టిందట. చెల్లెలి కోసం ఏడ్చిన ఆ అక్కకు మాత్రం ఇంతవరకు ఏ పార్కులోనూ విగ్రహాన్ని నేను చూడలేదు.