“మోర్” నొక్కించే మొదటి లైను: ఒక లింక్డ్‌ఇన్ పోస్టు రివ్యూ

నమస్కారం. ఈ రోజు రివ్యూకి తీసుకున్నది ఒక ప్రేక్షకురాలు పంపిన లింక్డ్‌ఇన్ పోస్టు. ఆమె కస్టమర్ సపోర్టు బృందాన్ని నడిపిస్తున్నారు. పోస్టు ఇంకా పెట్టలేదు, ముందు చూసి చెప్పమన్నారు. చూశాను. ఇందులో సరుకు ఉంది, నిజంగా పనిలో ఉన్నవాళ్లు మాత్రమే చెప్పగలిగే సరుకు. కానీ అది ఐదో పేరాలో ఉంది. ఈ పోస్టు ఇలాగే వెళితే అక్కడిదాకా వచ్చేవాళ్లు చాలా తక్కువ.

మొదటి రెండు వాక్యాలు చదువుతాను, వినండి. “నేటి పోటీ ప్రపంచంలో కస్టమర్ సంతృప్తే ప్రతి సంస్థ విజయానికి పునాది. ఈ రంగంలో నా సుదీర్ఘ అనుభవం నేర్పిన కొన్ని పాఠాలను మీతో పంచుకోవాలనుకుంటున్నాను.”

లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టు 3,000 అక్షరాల దాకా రాసుకోవచ్చు. ఫీడ్‌లో కనిపించేది మాత్రం పైన రెండు మూడు లైన్లే. ఆ తర్వాత మూడు చుక్కలు, పక్కన “మోర్” అనే చిన్న మాట. ఈ పోస్టులో ఆ చుక్కల ముందున్నదంతా నేను ఇప్పుడు చదివినదే. మొదటి వాక్యాన్ని ఎవరూ కాదనరు, అందుకే దాని కోసం ఎవరూ ఆగరు. రెండో వాక్యం పాఠాలున్నాయని చెబుతుంది కానీ దేని గురించో చెప్పదు. ఈ రెండు వాక్యాలను బ్యాంకు మేనేజరు పోస్టు మీద పెట్టినా, హోటల్ యజమాని పోస్టు మీద పెట్టినా అతుకుతాయి. మొదటి లైను మీద నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే: వేరేవాళ్ల పోస్టుకు అతికితే తీసేయాలి.

ఇప్పుడు ఐదో పేరాకు వెళదాం. “మొదటి జవాబు ఇవ్వడానికి పట్టే సగటు సమయాన్ని 40 నిమిషాల నుంచి 6 నిమిషాలకు తగ్గించాం. అయితే అదే మూడు నెలల్లో, ఒకసారి జవాబు అందుకున్న కస్టమర్లు అదే సమస్యతో మళ్లీ రాయడం పెరిగింది.” ఇక్కడ నేను ఆగిపోయాను. వేగం పెరిగితే ఫిర్యాదులు తగ్గాలి కదా, పెరగడమేమిటి? కారణం ఆరో పేరాలో ఉంది. గడియారం కొలుస్తున్నది మొదటి జవాబునే కాబట్టి, బృందంలో వాళ్లు సమస్యను పూర్తిగా చదవకుండానే ఏదో ఒక జవాబు పంపడం మొదలుపెట్టారు. సగం జవాబు అందుకున్న మనిషి మళ్లీ రాయక ఏం చేస్తాడు?

మొదటి లైను కోసం కొత్తగా ఏదో కనిపెట్టాలని చాలామంది తెల్ల కాగితం ముందు కూర్చుంటారు. నా సలహా, పోస్టు మొత్తం రాశాక దాన్ని మెల్లగా చదవండి. ఎక్కడ మీ కన్ను తనంతట తాను ఆగుతుందో, అక్కడ ఉన్న వాక్యమే పైకి రావాలి. ఎక్కడా ఆగలేదంటే లోపం మొదటి లైనులో లేదు, పోస్టులోనే ఉంది. ఏ ఎడిటింగూ దాన్ని కాపాడదు.

సరే, పైకి తెద్దాం. ఇక్కడ రెండు పక్కదారులున్నాయి, రెండూ ఆకర్షణీయంగానే ఉంటాయి.

ఒకటి: “వేగం కస్టమర్లను దూరం చేస్తుంది!” జనం తప్పకుండా నొక్కుతారు. కానీ లోపల రాసింది అది కాదు. వేగం చెడ్డదని ఆమె ఎక్కడా అనలేదు, తప్పు కొలమానం పెట్టామని అన్నారు. నొక్కి లోపలికి వచ్చిన పాఠకుడికి పైన చెప్పింది దొరకకపోతే, ఈమె పేరు కనిపించిన తర్వాతి పోస్టును దాటేస్తాడు. పైగా వ్యాఖ్యల్లో అందరూ ఆ ఒక్క మాటతోనే వాదించి వెళ్లిపోతారు. ఒక పోస్టు కింద వ్యాఖ్యలన్నీ మొదటి లైను చుట్టూనే తిరుగుతుంటే, లోపలి విషయం ఎవరికీ చేరలేదని నేను అనుకుంటాను.

రెండోది: “మా బృందం చేసిన ఒక పని ఎలాంటి ఫలితమిచ్చిందో తెలుసా?” ఇది విషయాన్నే దాచేస్తుంది. పాఠకుడికి కుతూహలం కలగాలంటే ముందు కొంత తెలియాలి. ఏ పని, ఏ రంగం అనేది తెలియనప్పుడు మిగిలింది తెలుసుకోవాలని ఎందుకు అనిపిస్తుంది? ఏం జరిగిందో చెప్పేయండి, ఎందుకు జరిగిందో మాత్రం లోపల ఉంచండి.

నేను మార్చి రాసింది ఇది. “మొదటి జవాబు సమయాన్ని 40 నిమిషాల నుంచి 6 నిమిషాలకు తగ్గించాం. అదే సమస్యతో మళ్లీ రాసేవాళ్లు పెరిగారు.”

రెండు వాక్యాలుగా ఎందుకు విడగొట్టానో చెప్పాలి, ఎందుకంటే తెలుగులో రాసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. మలుపు కూడా చివరే వస్తుంది. “సమయాన్ని తగ్గించినప్పటికీ, ఒకసారి జవాబు అందుకున్న కస్టమర్లు అదే సమస్యతో మళ్లీ...” అని వాక్యం సాగుతుంటే, “పెరిగింది” అనే మాట రాకముందే ఫోన్‌లో లైను తెగిపోతుంది. అప్పుడు పాఠకుడికి మలుపు కనిపించదు, ఉపోద్ఘాతమే కనిపిస్తుంది. పొట్టి వాక్యం అయితే క్రియ చుక్కల కన్నా ముందే వచ్చేస్తుంది.

ఎక్కడ తెగుతుందో అన్ని తెరల మీద ఒకేలా ఉండదు. కంప్యూటర్‌లో కొంచెం ఎక్కువ కనిపిస్తుంది, ఫోన్‌లో తక్కువ. అందుకని మీ ఫోన్‌లోనే ఫీడ్ తెరిచి, వేరేవాళ్ల తెలుగు పోస్టు ఎన్ని మాటల దగ్గర తెగిందో చూడండి. నాలుగైదు పోస్టులు చూస్తే మీ కొలత మీకు దొరుకుతుంది. ఇంకొకటి, మొదటి వాక్యం తర్వాత ఖాళీ లైను వదిలే అలవాటు చాలామందికి ఉంది. ఆ ఖాళీ కూడా కనిపించే లైన్లలో ఒకదాన్ని తినేస్తుంది. ఈ పోస్టులో మలుపు రెండో వాక్యంలో ఉంది కాబట్టి ఖాళీ వదలకుండా వెంటనే రాయాలి. ఖాళీ కావాలంటే దాని తర్వాత పెట్టుకోండి.

ఇక “మోర్” నొక్కగానే కనిపించే వాక్యం. పైన “ఎందుకు?” అనే ప్రశ్న లేపాం కాబట్టి అక్కడ జవాబు ఉండాలి: “మేం కొలిచింది మొదటి జవాబును. పరిష్కారాన్ని కాదు.” ఆమె డ్రాఫ్టులో ఈ చోట బృందానికి కృతజ్ఞతలున్నాయి. మంచి మాటలే, తీసేయమనను, చివరకు జరపండి. మొదటి మూడు పేరాలు మాత్రం పూర్తిగా పోవచ్చు. వాటిలో ఉన్నదేదీ కింద అవసరపడలేదు, నేను వాటిని తీసేసి మళ్లీ చదివి చూశాను.

చివరగా ఆమెకు ఒక ప్రశ్న. ఈ 40, 6 అనే అంకెలు బయటపెట్టడానికి మీ సంస్థ ఒప్పుకుందా? ఇవి లోపలి లెక్కలు. ఐదో పేరాలో ఉన్నా, మొదటి లైనులో ఉన్నా బయటపెట్టినట్టే, కానీ పైకి తెచ్చాక అందరి కంటా పడతాయి. పెట్టే ముందే అనుమతి అడగండి. తర్వాత దిద్దుకోవచ్చు, కానీ దిద్దినట్టు పోస్టు మీద గుర్తు పడుతుంది, ఈలోపు చూసినవాళ్లు చూసే ఉంటారు. అనుమతి రాకపోతే ఇలా రాయండి: “మొదటి జవాబు సమయాన్ని దాదాపు ఏడో వంతుకు తగ్గించాం. అదే సమస్యతో మళ్లీ రాసేవాళ్లు పెరిగారు.” అంకెలకున్న పదును కొంత తగ్గుతుంది, మలుపు మాత్రం చెక్కుచెదరదు.