కింద ‘కంటెయిన్స్’ లైన్ చూసి ప్యాకెట్ కొనేస్తున్నారా?

నమస్తే అండీ. ఇవాళ నా ముందు రెండు ప్యాకెట్లున్నాయి. ఒకటి కారం చిరుతిండి, ఇంకోటి కూరల్లో వేసే మసాలా పొడి. బ్రాండ్ పేర్ల మీద స్టిక్కర్ వేసేశాను. రుచి జోలికి కూడా పోను, మార్కులన్నీ లేబుల్‌కే. మా బాబుకి నువ్వులు, ఆవాలు, సోయా మూడూ పడవు మరి.

ముందు చిరుతిండి చూద్దాం. కింద ముద్దక్షరాల్లో ‘కంటెయిన్స్ సోయా’ అని ఉంది. సరే, ఇది పక్కన పెట్టేయొచ్చు. కానీ సోయా ఎక్కడుందో వెతకండి, అలవాటవుతుంది. పదార్థాల జాబితాలో ‘హైడ్రలైజ్డ్ వెజిటబుల్ ప్రొటీన్’ అని ఉంది చూశారా? అది తరచూ సోయా నుంచే తీస్తారు. దాని పక్కనే ఎమల్సిఫయర్ 322, అంటే లెసిథిన్. అది సోయాదీ కావచ్చు, పొద్దుతిరుగుడుదీ కావచ్చు. నంబర్ చూసి ఏదో చెప్పలేం.

ఇప్పుడు మసాలా పొడి. దీని మీద ‘కంటెయిన్స్’ లైనే లేదు. ఒకప్పుడు నేనైతే హమ్మయ్య అని బుట్టలో వేసేసేదాన్ని. అలా వేసిన ప్యాకెట్‌తోనే ఓసారి బాబుకి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆ లైన్‌లో అలెర్జీ తెచ్చే పదార్థాల్లో వేటిని రాయాలన్నది ఏ దేశానికి ఆ దేశపు చట్టం జాబితా వేసి చెబుతుంది. యూరప్ జాబితాలో మూడూ ఉన్నాయి. అమెరికాలో సోయా మొదట్నుంచీ ఉంది, నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి, ఆవాలు లేవు. మన దేశంలో 2020 నిబంధనల జాబితాలో సోయా ఒక్కటే ఉంది, నువ్వులూ ఆవాలూ లేవు. అంటే ఆ లైన్ లేకపోయినా ప్యాకెట్‌లో ఆవపిండి ఉండొచ్చు.

అందుకే జాబితా మొదటి నుంచి చివరిదాకా చదవాలి. దీంట్లో ధనియాలు, మిరపకాయలు, పసుపు, ఆ తర్వాత ‘మిక్స్‌డ్ స్పైసెస్’. నాకు అనుమానమంతా ఈ మాట దగ్గరే. పేరు విప్పి రాస్తే ఆవాలు మస్టర్డ్, రాయ్, సర్సోం అని కనిపిస్తాయి. నువ్వులు సెసమీ, తిల్, జింజెల్లీ, తహీనీ అని కనిపిస్తాయి. విప్పకపోతే మనకేం తెలుస్తుంది?

‘మే కంటెయిన్’, అంటే పొరపాటున కలిసి ఉండొచ్చు అన్న హెచ్చరిక లేదు కదా అని కూడా ధైర్యపడకండి. చాలాచోట్ల అది కంపెనీ ఇష్టం మీద రాసే మాట. అదే మిషన్‌లో ఆవాలు ఆడించినా ఏమీ రాయకపోవచ్చు.

నేనేం చేశానంటే, బ్యాచ్ నంబర్‌తో సహా కంపెనీకి మెయిల్ పెట్టాను. ‘అలెర్జెన్స్ ఉన్నాయా’ అని అడగలేదు, అలా అడిగితే చట్టం జాబితా చూసి లేవనేస్తారు. ‘మిక్స్‌డ్ స్పైసెస్‌లో ఆవాలు, ఆవపిండి, ఆవనూనె, నువ్వులు, వీటిలో ఏదైనా వేస్తారా? అదే మిషన్‌లో ఇంకేం ఆడిస్తారు?’ అని విడివిడిగా అడిగాను.

చిరుతిండి లేబుల్‌కి ఐదుకి మూడు ఇస్తాను. తినలేకపోయినా నిజం చెప్పింది. మసాలాకి ఒకటి. జవాబు వచ్చేదాకా అది మా వంటింట్లోకి రాదు.