ఫైనల్‌లో 75 వస్తే బి గ్రేడ్ వచ్చేస్తుందా?

హాయ్, కామెంట్స్‌లో మళ్లీ అదే ప్రశ్న: "ప్రోగ్రామ్‌లో చేరాలంటే ప్రీరిక్విజిట్‌లో బి కావాలి, మా కోర్సులో బి అంటే 75, అంటే ఫైనల్‌లో 75 తెచ్చుకుంటే చాలు కదా?" చాలదు బాబూ! అప్పటిదాకా కూడా నీకు కనీసం 75 శాతం ఉంటే తప్ప ఆ లెక్క కుదరదు.

ఒక 100 లీటర్ల డ్రమ్ము అనుకోండి, 75 దగ్గర గీత ఉంది, నీళ్లు ఆ గీత తాకాలి. అసైన్‌మెంట్లు 20 లీటర్ల బకెట్, అందులో 85 శాతం, అంటే 17 పోశాం. క్విజ్‌లు 10 లీటర్లు, 80 శాతం, 8 పడ్డాయి. మిడ్‌టర్మ్ 30 లీటర్ల బకెట్, అక్కడే దెబ్బ, 58 శాతం, 17.4 మాత్రమే. మొత్తం 42.4. మిగిలిన బకెట్ ఒక్కటే, ఫైనల్, 40 లీటర్లు.

[స్క్రీన్ మీద]

```
(75 − 42.4) ÷ 0.40 = 81.5
```

అంటే 81.5 కావాలి, 75 కాదు. ఇక్కడ పోర్టల్ ఇంకో తమాషా చేస్తుంది, ఇప్పటిదాకా 70.67 శాతం అని చూపిస్తుంది, అది 60లో 42.4 అన్నమాట, దాన్ని చూసి కొందరు "ఇంకో 79 వస్తే యావరేజ్ 75 అయిపోతుంది" అని సగం సగం లెక్కేస్తారు, కానీ రెండు బకెట్లూ ఒకే సైజు కాదు కదా! 79 వస్తే మొత్తం 74 అవుతుంది, గీత కిందే ఆగిపోతాం. ఆ పోర్టల్ నంబర్ అంటే నాకు మహా చిరాకు.

అదే 85 కావాలంటే? లెక్క 106.5 అంటుంది, ఫైనల్ బకెట్‌లో అన్ని నీళ్లే పట్టవు, పరీక్షకు ముందే తేలిపోయింది. ఒలికిపోయిన 17.6 మళ్లీ రావు.

కానీ సిలబస్ ఒకసారి తెరవండి. కొన్ని కోర్సుల్లో ఫైనల్ మెరుగ్గా వస్తే మిడ్‌టర్మ్ స్థానంలో ఆ మార్కే వేస్తారు. అప్పుడు మిడ్‌టర్మ్ బకెట్ ఖాళీ చేసి మళ్లీ పోసుకోవచ్చు, చేతిలో 25, ఫైనల్ బకెట్ 70 లీటర్లు, 50ని 0.70తో భాగిస్తే దాదాపు 71.5 చాలు! ఒక్క లైన్ రూల్, పది మార్కుల తేడా, ఎవరూ చదవరు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా: 74.6ని 75 చేస్తారని లెక్కపెట్టుకోకండి, సిలబస్‌లో రాసి ఉంటేనే. ఫైనల్‌లో విడిగా కనీస మార్కు ఉందేమో చూడండి. కోర్సు పాస్ అవ్వడం వేరు, ప్రోగ్రామ్ అడిగే గ్రేడ్ వేరు, బి మైనస్ వస్తే క్రెడిట్లు వస్తాయి గానీ సీటు రాకపోవచ్చు. మళ్లీ రాస్తే ఏ అటెంప్ట్ లెక్కేస్తారో ప్రోగ్రామ్ వాళ్లనే అడగండి, అదీ కోర్సు విత్‌డ్రా గడువు దాటకముందే.